వేలిముద్ర వేసే తల్లికి నేను పెట్టిన సంతకం

ముప్పై ఇద్దరు పిల్లల తల్లిదండ్రుల సంతకాలు నేనే పెట్టాను. రెండు రంగుల పెన్నులతో, ఒక్కో సంతకం ఒక్కో తీరుగా కనిపించేలా జాగ్రత్తపడి మరీ పెట్టాను. ఇది ఇంతవరకు ఎక్కడా రాయలేదు. ఇప్పుడు రాస్తుంటే కూడా నా మీద నాకు కోపమే వస్తోంది, ఆ పని నాతో చేయించిన వాళ్ల మీద అంతకన్నా ఎక్కువ వస్తోంది.

అప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. డిగ్రీ అయ్యాక ఖమ్మంలో ఒక ఈవెంట్ ఏజెన్సీలో చేరాను. పెద్ద కంపెనీలు తమ సరుకుల ప్రచారాన్ని జిల్లాల్లో చేయించుకోవడానికి ఇలాంటి చిన్న ఏజెన్సీలను పెట్టుకునేవి. నాకొచ్చిన మొదటి పెద్ద పని ముఖానికి రాసుకునే ఒక క్రీముది. రంగు తేలుస్తుందన్నది దాని మాట. పన్నెండు నుంచి పదిహేడేళ్ల ఆడపిల్లలను పట్టుకోవాలన్నది కంపెనీ కోరిక. మాకిచ్చిన కాగితంలో 'పట్టుకోవాలి' అని రాయలేదు. 'తొలి పరిచయం' అని రాసి ఉంది. ఈ వయసులో చేతికిస్తే జీవితాంతం కొంటారని మా సూపర్‌వైజర్ అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు చెప్పాడు.

ఆయన ముప్పై అయిదేళ్ల మనిషి, మాటకారి. నన్ను చెల్లె అని పిలిచేవాడు, నేను అన్నా అనేదాన్ని.

కొత్తగూడెం దాటి భద్రాచలం దారిలో, అడవిలోకి కొంచెం లోపలికి వెళ్తే గిరిజన బాలికల ఆశ్రమ పాఠశాల ఉంది. చుట్టుపక్కల గూడేల పిల్లలు అక్కడే ఉండి చదువుకుంటారు, సెలవులకే ఇళ్లకు వెళ్తారు. మేం అక్కడికి 'ఆరోగ్య అవగాహన కార్యక్రమం' అని రాసిన ఉత్తరం పట్టుకుని వెళ్లాం. ఉత్తరంలో క్రీము మాటే లేదు. వార్డెన్ మేడం యాభై దాటిన మనిషి, నీళ్ల మోటారు బాగు చేయించలేక తల పట్టుకుని ఉంది. శుభ్రత గురించి పిల్లలకు నాలుగు మాటలు చెప్తారేమో అనుకుని సరేనంది.

మేడం మోటారు దగ్గరికి వెళ్లిపోయింది. మేం చెప్పింది శుభ్రత గురించి కాదు. మా సూపర్‌వైజర్ సంచిలోంచి ఒక అట్టముక్క తీశాడు. దాని మీద తెలుపు నుంచి ముదురు గోధుమ దాకా పన్నెండు రంగుల గళ్లు, గడికో అంకె ఉన్నాయి. పిల్లలను వరుసలో నిలబెట్టి, ఒక్కొక్కరి చెంప పక్కన ఆ అట్ట పెట్టి, అంకె చదివి, ఫొటో తీశాడు. నేను రాసుకున్నాను. తొమ్మిది, పది, పదకొండు, తొమ్మిది. నాలుగు వారాల్లో రంగు మారుతుందన్న కరపత్రం, క్రీము తలా ఒకటి పంచి, నాలుగు వారాలు రాసుకున్నాక మళ్లీ కొలుస్తామని, అంకె బాగా తగ్గిన అమ్మాయికి సైకిలు ఇస్తామని, ఫొటో ఇంటర్నెట్‌లో పెడతామని చెప్పాడు. పిల్లలు ఒకరి అంకె ఒకరు అడుగుతూ నవ్వుకున్నారు. పదకొండు వచ్చిన అమ్మాయి మాత్రం నవ్వలేదు. తొమ్మిదో తరగతి, రెండు జడలు, ముక్కుకు చిన్న పుడక. గోడవైపు తిరిగి నిలబడింది. నేను ఆ పిల్లను చూశాను. చూసి కూడా తర్వాతి అంకె రాసుకున్నాను.

నియమాలు తెలియక ఇదంతా జరిగిందని ఎవరైనా అంటే నమ్మకండి. కంపెనీ పంపిన మెయిల్‌కు ఒక పేజీ జతచేసి ఉంది. పద్దెనిమిదేళ్ల లోపు వాళ్లయితే తల్లి గానీ తండ్రి గానీ ఫారం మీద సంతకం పెట్టి ఒప్పుకోవాలి. పిల్లల ఫొటో పక్కన బడి పేరు, ఊరి పేరు పెట్టకూడదు. రంగును బట్టి ఎవరినీ తక్కువ చేసేలా మాట్లాడకూడదు. అన్నీ అందులో ఉన్నాయి. నేను చదివి ఆయనకు చూపించాను.

"గవన్నీ ఫైలుకు చెల్లె," అన్నాడు. "రేపు ఎవలన్న అడిగితే చూపెట్టనీకి. నువ్వు ఫారాలు నింపు."

"పిల్లలు హాస్టల్ల ఉన్నరు గదన్నా. అమ్మానాయనల సంతకాలు ఎట్ల తెద్దాం?"

"గూడెం గూడెం తిరుగుతవా ఏంది? నువ్వే పెట్టు. ఎవలు చూస్తరు?"

పెట్టాను.

తర్వాతి పని కొత్తగూడెంలోని ఒక ఇంటర్నెట్ సెంటర్‌లో. ఆ రోజుల్లో కుర్రకారంతా ఒకే స్నేహాల సైటులో ఉండేవారు. ఎవరి పేజీ మీదైనా ఎవరైనా వచ్చి రాయవచ్చు. రాసింది అందరికీ కనిపిస్తుంది. ఒక్కో అమ్మాయికి అందులో ఖాతా తెరిచి, క్రీము పేరుతో పెట్టిన బృందంలో చేర్చాలి. బృందంలో ఎంత మంది ఉంటే కంపెనీ దగ్గర మాకు అంత పేరు. మొదటి అమ్మాయి పుట్టిన తేదీ నిజంగా ఉన్నదే కొట్టాను. సైటు ఒప్పుకోలేదు. పద్దెనిమిది నిండని వారికి ఇక్కడ ప్రవేశం లేదని తెర మీద వచ్చింది.

సూపర్‌వైజర్‌కు ఫోన్ చేశాను. ఆయన ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "ఆరేండ్లు వెనుకకు కొట్టు," అన్నాడు.

ఒక యంత్రం ఆ పిల్లలను చూడకుండానే వద్దంది. చూసిన నేను, ఎదురుగా నిలబడి పేర్లు రాసుకున్న నేను, ఆరేళ్లు వెనక్కి కొట్టి లోపలికి పంపాను. రెండు రోజుల్లో ముప్పై రెండు ఖాతాలు. బృందం మాత్రం సూపర్‌వైజర్ తన పేరుతో తెరిచాడు. పిల్లల ఫొటోలు, పక్కన వాళ్ల అంకెలు, కింద బడి పేరు, అన్నీ ఆయనే పెట్టాడు. బడి పేరు వద్దన్నానా? అన్నాను. ఒక్కసారే, మెల్లగా.

మూడో వారంలో వార్డెన్ మేడం ఫోన్ చేసింది.

"ఎవడో గేటు కాడికి వచ్చిండమ్మా. చేతిల మా పిల్ల ఫొటో ఉంది. పేరు చెప్పి పిలువమంటున్నడు. ఇంటర్నెట్‌ల చూసిన అంటున్నడు. మా పిల్లల ఫొటోలు ఇంటర్నెట్‌ల ఎట్లొచ్చినయి?"

వాచ్‌మన్ అతన్ని తరిమాడట. నేను వెంటనే మేడం చెప్పిన పేరున్న పేజీ తెరిచి చూశాను. రెండు జడల అమ్మాయిదే. ఆమె ఎన్నడూ కంప్యూటర్ ముందు కూర్చోలేదు. తన పేరుతో ఒక పేజీ ఉందనే తెలియదు. ఆ పేజీ నిండా మగవాళ్ల రాతలు ఉన్నాయి. నంబరు ఇవ్వమని ఒకడు, బస్టాండుకు రమ్మని ఒకడు, ఆమె రంగు మీద జోకులేసినవాళ్లు నలుగురు. ఆమెకు ఇరవై ఏళ్లని వాళ్లు నమ్మేలా రాసింది నేను.

మర్నాడు పొద్దున్నే బస్సెక్కి వెళ్లాను. వార్డెన్ గదిలో ఆ పిల్ల తల్లి కూర్చుని ఉంది. కబురందుకుని గూడెం నుంచి నడిచి వచ్చింది. కోయ మనిషి. కూతురితో వాళ్ల భాషలో ఏదో అంటోంది, నన్ను చూసి తెలుగులోకి మారింది. బడి ఫైలుకని మేమిచ్చిన ఫారం తీసి వార్డెన్ ఆమె ముందు పెట్టింది.

"నువ్వు ఒప్పుకున్నవని సంతకం ఉంది గదనే," అంది వార్డెన్.

ఆమె ఆ కాగితాన్ని తిప్పి తిప్పి చూసింది.

"నాకు సంతకం రాదు మేడం. రేషన్‌కు గూడ ఏలిముద్రే ఏస్త. ఇదెవలు రాసిన్రు?"

ఆ సంతకం ఎంత బాగుందో నాకు గుర్తుంది. చివర ఒక మెలిక కూడా పెట్టాను.

"నేనే రాసిన," అన్నాను.

ఆమె అరవలేదు. "మమ్ములను అడగొద్దా బిడ్డా? గంత దూరం ఉన్నమా?" అంది. తిట్టి ఉంటే బాగుండేది.

తల్లి వెనక నిలబడ్డ పిల్ల అప్పుడు అడిగింది. "మేడం, రోజూ రాసుకుంటున్న. ఇంక పదకొండే ఉన్న. నాకు ఏమన్న జబ్బా?"

ఆ ప్రశ్నకు నాకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. ఆరోగ్యంగా ఉన్న పిల్లకు జబ్బుందని నమ్మించి, మందు కూడా మనమే అమ్మే వ్యాపారం ఇది. నీకేం జబ్బు లేదని, ఆ అట్టముక్కే అబద్ధమని, ఏ క్రీమూ నాలుగు వారాల్లో మనిషి రంగు మార్చదని చెప్పాను. నా మాట ఆమె నమ్మిందో లేదో తెలియదు. క్రితంసారి కూడా నేను మేడాన్నే కదా.

అక్కడి నుంచి నేరుగా కొత్తగూడెం సెంటర్‌కు వెళ్లాను. ఖాతాల పాస్‌వర్డులు నా దగ్గరే ఉన్నాయి. ముప్పై రెండూ ఒక్కొక్కటిగా తీసేశాను. బృందం నా చేతిలో లేదు. సూపర్‌వైజర్‌ను ఫొటోలు తీసేయమంటే, "కంపెనీ రిపోర్టు అయిపోనీ చెల్లె, నెలాఖరుకు తీస్త," అన్నాడు. అప్పుడు సైటులోనే దుర్వినియోగం గురించి తెలిపే లింకు వెతికి, ఇందులో ఉన్నవాళ్లంతా మైనర్లని, బడి పేరుతో సహా ఫొటోలున్నాయని రాశాను. తిరుగు జవాబేమీ రాలేదు. రోజూ వెళ్లి చూశాను. తొమ్మిదో రోజు తెరిస్తే బృందం లేదు. తొమ్మిది రోజులు ఆ ఫొటోలు అక్కడే ఉన్నాయి. ఈలోగా ఎవరెవరు దాచుకున్నారో ఎవరికీ తెలియదు.

ప్రకటనల మీద ఫిర్యాదులు తీసుకునే సంస్థ ఒకటి ముంబైలో ఉందని తెలిసి, మేం పంచిన కరపత్రం జతచేసి రాశాను. అది ప్రభుత్వానిది కాదు, ప్రకటనల వాళ్లు తమకు తాముగా పెట్టుకున్నది. కంపెనీని సంజాయిషీ అడిగారు. నాలుగు వారాల మాటకు కంపెనీ రుజువు చూపలేదని, మనిషి రంగును చిన్నబుచ్చేలా ఉందని, కరపత్రం ఆపడానికి కంపెనీ ఒప్పుకుందని కొన్ని వారాల తర్వాత ఉత్తరం వచ్చింది. అప్పటికి కరపత్రాలు పంచడం ఎప్పుడో అయిపోయింది. బడిలోకి వెళ్లి కొలిచిన సంగతి, దొంగ సంతకాల సంగతి తాము చూసే పరిధిలోకి రావని అందులోనే ఉంది.

కంపెనీ నుంచి ఒకాయన హైదరాబాద్ నుంచి ఫోన్ చేశాడు. మర్యాదస్తుడు. "మా పాలసీ స్పష్టంగా ఉందండీ. మీకు పంపాం కదా. ఏజెన్సీ తప్పు చేస్తే మేమేం చేస్తాం?" అన్నాడు. పన్నెండేళ్ల పిల్లలు కావాలని అడిగింది ఎవరని అడిగాను. లైను కట్ అయింది. ఏజెన్సీ వాళ్లేమో ఉద్యోగిని తనంతట తానే సంతకాలు పెట్టిందని రాసిచ్చారు. అది అబద్ధమూ కాదు, నిజమూ కాదు. రాత నాదే. నా ఉద్యోగం పోయింది. సూపర్‌వైజర్‌ది పోలేదు. మరో ప్రచారానికి మరో జిల్లాకు వెళ్లాడని విన్నాను. వార్డెన్‌కు పైనుంచి మెమో వచ్చింది. సైకిలు ఎవరికీ ఇవ్వలేదు.

నేను మళ్లీ ఆ బడికి వెళ్లి, పిల్లలందరినీ కూర్చోబెట్టి, జరిగిందంతా వాళ్లకు చెప్పాను. వార్డెన్ పక్కనే ఉంది. రెండు జడల అమ్మాయి మొదటి వరుసలో కూర్చుని, నేను చెప్తున్నంతసేపూ నా ముఖమే చూసింది. క్షమించినట్టు కనిపించలేదు. క్షమించాల్సిన అవసరం ఆమెకు లేదు.

మరుసటి ఏడాది వార్డెన్ మేడం ఫోన్ చేసింది. పాలలో కలిపే పొడి వాళ్లెవరో ఎత్తు కొలుస్తామని వచ్చారట, చేతిలో ఉత్తరం ఉందట. ఆ ఉత్తరం నాకు మొత్తం చదివి వినిపించింది. అందులోనూ 'అవగాహన' అనే ఉంది.

"ఇప్పుడు గేటు బయటే నిలబెట్టిన," అంది. "ఏం అడగాల్నో చెప్పు, నేను అడుగుత."

ఎవరి అనుమతితో వచ్చారు, పిల్లల పేర్లు, ఫొటోలు ఎక్కడికి పోతాయి, అమ్మానాయనలను ఎప్పుడు అడిగారు అని చెప్పాను. ఆమె ఫోన్ పెట్టకుండానే గేటు దగ్గరికి నడిచింది. ఆమె ఒక్కొక్కటీ అడగడం, అటువైపు వాళ్లు ఉత్తరం వెనక్కి ఇచ్చేయమనడం నాకు వినిపించాయి. కాసేపటికి జీపు స్టార్టయిన చప్పుడు వచ్చింది.