మైకు లేని పెట్టె

లిఫ్టు మెకానిక్కును ఆఫీసులో అందరూ చెవి బాబాయ్ అనేవారు. లిఫ్టు తలుపు మూసుకునే చప్పుడు విని ఏ రోలరు అరిగిందో చెప్పేస్తాడని ఆ పేరు. అది నిజమే. పనిముట్ల సంచి విప్పకముందే సగం పని చెవితో కానిచ్చేసేవాడు.

పేరు చెవిదే అయినా ఆయన రిపోర్టులకు ఉన్న గిరాకీ మాత్రం నోటి పుణ్యం. పని అయ్యాక ఫోనులో కంపెనీ యాప్ తెరిచి, "రిమార్కులు" అనే పెట్టెలో ఏం చూశాడో, ఏం విన్నాడో నింపి పంపాలి. ఆ భవనంలో ఉండగానే పంపాలి. బయటికి అడుగుపెడితే యాప్ ఒప్పుకోదు. మిగతా మెకానిక్కులు రెండు ముక్కలు టైపు చేసి చేతులు దులుపుకుంటే, ఈయన కీబోర్డు మీది మైకు నొక్కి కథ చెప్పినట్టు చెప్పేవాడు. "మూడో అంతస్తులో తలుపు మూసుకునేటప్పుడు పళ్లు నూరుతోంది, కుడి రోలరు వారం కన్నా ఆగదు" అని. కొత్తగా చేరినవాళ్లు అవి చదివి పని నేర్చుకునేవారు. సూపర్‌వైజరు మీటింగుల్లో పైకి చదివి, "రిపోర్టంటే ఇదీ" అనేవాడు.

ఆయనకు రాయడం రాదన్న సంగతి ఇంట్లో భార్యకు తప్ప ఎవరికీ తెలియదు. నాలుగో తరగతిలో బడి మానేశాడు. కూడబలుక్కుని చదవగలడు, సంతకం చేయగలడు, అంతే. కాగితాల కాలంలో జతగాడు రాసిపెట్టేవాడు. అతను రిటైరయ్యే నాటికి ఫోన్లో మైకు వచ్చింది. అప్పటి నుంచి గుట్టు గుట్టుగానే సాగిపోయింది. దానికి ఆయన సిగ్గుపడేవాడు. ఉత్త సిగ్గే, ఇంకేం కాదు. కానీ ఆ సిగ్గు చాలా పాతది.

ఒక సోమవారం యాప్ కొత్త రూపంలో దిగింది. రిమార్కుల పెట్టె మీద వేలు పెడితే కీబోర్డు వచ్చింది గానీ మైకు బొమ్మ లేదు. పైన వరసగా కనిపించే మాటల సూచనలూ లేవు. భార్యకు మెసేజ్ పెట్టే చోట మైకు ఉంది. ఆఖరికి అదే యాప్‌లో చిరునామా పెట్టెలోనూ ఉంది. ఈ ఒక్క పెట్టెలోనే మాయం! ఎవరో చెబితే సెట్టింగుల్లోకి వెళ్లి యాప్‌కు మైకు అనుమతి ఇచ్చాడు. పని కాలేదు. కెమెరా ఇచ్చాడు, ఫొటోలు ఇచ్చాడు, ఫోన్లో ఉన్న నంబర్లన్నీ ఇచ్చాడు. ఇవ్వడానికి ఇంకేమీ మిగల్లేదు గానీ మైకు మాత్రం రాలేదు. ఫోన్ల షాపులో వేరే కీబోర్డు వేయించాడు. అదీ ఆ పెట్టె దగ్గరకు వచ్చేసరికి మూగనోము పట్టింది.

ఏం చేస్తాడు మరి? తనకు తెలిసిన రెండు ఇంగ్లీషు అక్షరాలు నొక్కి "ఓకే" అని పంపడం మొదలుపెట్టాడు. తొమ్మిది లిఫ్టులకు తొమ్మిది ఓకేలు.

అందులో ఒకటి ఓకే కాదు. ఒక అపార్ట్‌మెంటులో తలుపు రోలరు అరిగిపోయి తలుపు సరిగ్గా ఆనడం లేదు. ఆ చప్పుడు ఆయన విన్నాడు. కొత్త రోలరు కోసం కంపెనీ స్టోరుకు ఫోను చేశాడు. "రిపోర్టులో రాయి బాబాయ్, రాతలో లేనిది నేనివ్వను," అన్నాడు స్టోరు మనిషి. నాలుగో రోజు లిఫ్టు నడుస్తుండగా తలుపు అదిరి, దాని తాళం దగ్గరి కరెంటు తెగి, రెండంతస్తుల మధ్య ఆగిపోయింది. లోపల ఒకావిడ నలభై నిమిషాలు ఉండిపోయింది. దెబ్బలేమీ తగల్లేదు. బయటికొచ్చి రిపోర్టు చూపించమంది. అందులో ఏముంది, ఓకే!

మర్నాడు సూపర్‌వైజరు పిలిపించాడు. ఎప్పుడూ బాబాయ్ అనే మనిషి ఆ రోజు ఆ మాటే ఎత్తలేదు.

"లిఫ్టు చూడకుండానే ఓకే కొట్టేశారని అపార్ట్‌మెంటు వాళ్లంటున్నారు. అదే నిజమైతే ఉద్యోగం పోతుంది. మీరేమంటారు?"

"చూశాను సార్. రోలరు పోయిందని స్టోరుకు చెప్పాను కూడా. మైకు పనిచేయట్లేదు, అందుకే రిపోర్టులో..."

"మైకు లేకపోతే టైపు చేయాలి. అందరూ అదే చేస్తున్నారుగా?"

ఆయన ఫోను తీసి బల్ల మీద పెట్టాడు. సూపర్‌వైజరు విసుక్కుని, యాప్ తయారుచేసే అమ్మాయిని పిలిచి ఫోను చూడమన్నాడు.

ఆ అమ్మాయి తన ల్యాప్‌టాప్‌తో వచ్చి ఎదురుగా కూర్చుంది. ముందు అనుమతులు చూసి నవ్వేసింది. "అన్నీ ఇచ్చేశారా బాబాయ్ గారూ! మీరు మాట్లాడితే వినేది మా యాప్ కాదు, కీబోర్డు. మైకు అనుమతి కావలసింది దానికి. దానికి ముందే ఉంది, అందుకే మిగతా చోట్ల పనిచేస్తోంది." తర్వాత రిమార్కుల పెట్టె తెరిచి ఒక్క క్షణం చూసింది. నవ్వు పోయింది.

"అయ్యో! ఇది నా పనే."

"నీ పనేంటమ్మా?" అన్నాడు సూపర్‌వైజరు.

"పార్టు నంబర్లు టైపు చేస్తుంటే కీబోర్డు వాటిని మాటలుగా దిద్దేస్తోందని స్టోరు నుంచి ఫిర్యాదు వచ్చింది సార్. తప్పు పార్టులు వెళ్తున్నాయన్నారు. దిద్దకుండా ఉండాలని ఈ పెట్టెను పాస్‌వర్డ్ రకంగా పెట్టేశాను. అక్షరాలు కనబడుతూనే ఉంటాయి, కానీ కీబోర్డు మాత్రం పాస్‌వర్డే అనుకుంటుంది. దిద్దదు, మాటలు సూచించదు. పాస్‌వర్డు పైకి చెప్పేది కాదు కదా, మైకు కూడా తీసేస్తుంది. అది నాకు తట్టలేదు. అందరూ టైపే చేస్తారనుకున్నాను." ఆయన వైపు తిరిగింది. "వేరే చోట చెప్పి, కాపీ చేసి ఇక్కడ అతికించినా పడేదే."

అలా అతికించవచ్చని ఆయనకు తెలిస్తే కదా.

"అరగంట ఇవ్వండి. నంబర్లకు వేరే చిన్న పెట్టె పెట్టి, దీన్ని మామూలుగా మార్చేస్తాను. ముందు ఈయన ఫోన్లోనే వేసి చూద్దాం," అంటూ ల్యాప్‌టాప్ మీదికి వంగింది.

సూపర్‌వైజరు కాస్త మెత్తబడ్డాడు గానీ ఫైలు మూయలేదు. ఒక తెల్లకాగితం, పెన్నూ ముందుకు తోశాడు. "యాప్ తప్పు యాప్‌ది. కానీ మైకు లేదని ఓకే కొట్టడమేంటని పైవాళ్లు అడుగుతారు. జరిగింది మీ చేత్తో రాసి సంతకం పెట్టండి. మీరు బ్రహ్మాండంగా రాస్తారుగా, నేనూ గట్టిగా మాట్లాడతాను."

ఆయన పెన్ను తీసుకున్నాడు. సంతకం పెట్టడానికి పట్టుకున్నట్టే పట్టుకున్నాడు. కళ్లజోడు మరిచిపోయానని అనవచ్చు. వేలు నొప్పి అనవచ్చు. ముప్పై ఏళ్లుగా అన్నవే, నాలుక చివరే ఉన్నాయి. ఇంటికి తీసుకెళ్లి రాయించుకురావచ్చు కూడా. అయితే అందులో ఏం రాయాలి? చూసినవాడు ఓకే అని ఎందుకు కొట్టాడో చెప్పడానికి ఉన్న కారణం ఒక్కటే. అది దాస్తే చూడలేదనే అర్థం. ముప్పై ఏళ్లలో ఒక్క లిఫ్టు కూడా చూడకుండా వదల్లేదు ఆయన. ఆ మాట పడటం ఆయన వల్ల కాలేదు.

పెన్నును కాగితం పక్కన పెట్టేశాడు.

"నాకు రాయడం రాదు సార్."

సూపర్‌వైజరుకు అర్థం కాలేదు. "అంటే?"

"అంటే రాదు. టైపు కూడా రాదు. ఇన్నాళ్లూ మైకులో చెప్పినవే అన్నీ."

సూపర్‌వైజరు ఆ కాగితాన్ని నెమ్మదిగా తన వైపుకు లాక్కున్నాడు. ఎక్కడ చూడాలో తెలియక ఫైలు వైపు చూశాడు. ఆ అమ్మాయి తలెత్తకుండా పని పూర్తిచేసి, ఫోను ఆయన చేతిలో పెట్టింది. రిమార్కుల పెట్టె కింద మైకు బొమ్మ ఉంది.

"ఇందులో చెప్పండి బాబాయ్," అన్నాడు సూపర్‌వైజరు. "నేను ప్రింటు తీయిస్తాను. సంతకం మాత్రం మీరు పెట్టండి."

ఆయన మైకు నొక్కాడు. గొంతు సవరించుకున్నాడు. రోలరు సంగతి, స్టోరుకు చేసిన ఫోను సంగతి తర్వాత చెప్పవచ్చనుకుని, ముందు చెప్పవలసింది ముందే చెప్పాడు. తెర మీద అక్షరాలు వరసగా పడ్డాయి. ఫోను కళ్లకు దగ్గరగా పెట్టుకుని ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కున్నాడు. నా, కు. రా, య, డం. రా, దు.

"ఏమైనా తప్పు పడిందా? దిద్దనా?" అంది ఆ అమ్మాయి.

"వద్దమ్మా," అన్నాడు. "సరిగ్గానే పడింది."