లాకులకు నేను పెట్టిన పేరు

రాజమహేంద్రవరంలో వారపత్రిక ప్రూఫులు దిద్దే రోజుల్లో ఇంగ్లీషు మాట కంటబడితే ఊరుకునేవాణ్ణి కాను. నోటీసును ప్రకటన చేశాను. అది అందరికీ తెలిసిన మాటే. రైలు, కలెక్టరు జోలికి మాత్రం పోలేదు. ఒక వేసవిలో, మరమ్మతుల కోసం ధవళేశ్వరం కాలువలో పడవలను దాటించే లాకులు మూస్తారని వార్త వచ్చింది. లాకులు కొట్టేసి ‘జలకవాటములు’ అని రాశాను.

“లాకంటే పడవెక్కే ప్రతివాళ్లకీ తెలుసండి. ఉంచేద్దామండి,” అన్నారు నాతో పనిచేసే పెద్దాయన. నేను వినలేదు.

ఆ పత్రిక వెలువడిన వారంలోనే, నిండు నెలలతో ఉన్న మా అక్క పురిటికి పడవలో బయలుదేరింది. మూసిన లాకు దగ్గర పడవ ఆగిపోయింది. అక్కడినుంచి ఎండలో, ఎడ్లబండి కుదుపులకు నడుం పట్టుకుని మా ఇల్లు చేరింది.

“పత్రికలో వేశాం కదక్కా, చూడలేదా?” అన్నాను.

“చూడకేం? నువ్వు దిద్దిందని మీ బావగారికి చదివి వినిపించాను కూడాను. కవాటాలంటే ఏ గుడి తలుపులో అనుకున్నాంరా.”

తరువాత క్షేమంగానే పురుడొచ్చింది. మరుసటి సంచికలో ‘లాకులు’ అనే వేశాను. అక్క నన్నొక్క మాట కూడా అనలేదు. అమ్మ ఆమె నడుముకు కాపడం పెడుతుంటే మాత్రం ఆ గదిలో నిలబడలేకపోయేవాణ్ణి.