ఏడు రూపాయలు పైకెక్కిన సోమవారం

మా బావ పవర్‌లూమ్ కార్మికుడు. పద్దెనిమిదేళ్లుగా ఒకే ఆసామి దగ్గర నాలుగు సాంచాలు, అంటే కరెంటు మగ్గాలు, నడుపుతున్నాడు. ఆ ఆసామికి కాళ్లనొప్పులు ఎక్కువై సాంచాలు అమ్మకానికి పెట్టాడు. నాలుగూ కలిపి లక్షా ఎనభై వేలు, మూడే అయితే లక్షా నలభై అయిదు, పై వారం శుక్రవారం దాకా చూస్తానన్నాడు. బావ దగ్గర సరిగ్గా లక్షా నలభై అయిదు వేలున్నాయి. మిగతా ముప్పై అయిదు వేలు షేర్లలో సంపాదించి నాలుగోదీ కొనొచ్చని ఆయన నా దగ్గరికి వచ్చాడు.

నేను కరీంనగర్‌లో ఒక షేర్ల ఏజెంటు ఆఫీసులో ఆర్డర్లు పెట్టే టెర్మినల్ ముందు కూర్చునేవాణ్ని. పదో తరగతితో చదువు ఆగిపోయింది. తర్వాత నేర్చుకున్నదంతా జిల్లా గ్రంథాలయంలోనే. అక్కడ వ్యాపారం, బ్యాంకింగ్ అని రాసి ఉన్న అలమారాలో నేను చదవని పుస్తకం లేదు. ఆ సంగతి మా చుట్టాలందరికీ తెలిసేట్టు చేసింది కూడా నేనే.

బావ వచ్చేసరికే తప్పు జరిగిపోయింది. కొత్తగా మార్కెట్‌కు వస్తున్న ఒక చిన్న కంపెనీ షేర్లకు వాళ్ల ఊరి నెట్ సెంటర్‌లో దరఖాస్తు పెట్టించాడు. షేరు వంద రూపాయలు, నూట యాభై షేర్లు కలిపి ఒక లాటు. తన పేర ఎనిమిది లాట్లు, వాళ్ల అవ్వ పేర ఒకటి. రెండింటికీ తన బ్యాంకు ఖాతానే ఇచ్చాడు.

"అవ్వది పోయినట్టే బావా," అన్నాను. "పాన్ కార్డు ఎవరిదో ఖాతా గూడ వాళ్లదే ఉండాలె."

"అవ్వకు ఖాతా వేరే, నాకు వేరేనా? వంట ఒక్క పొయ్యి మీదనే గదరా."

"మరి నీ పేర ఎనిమిది లాట్లెందుకు?"

"ఎక్కువ అడిగితే ఎక్కువ ఇస్తరనుకున్న బామ్మర్ది."

ఆ తప్పు చాలామంది చేస్తారు. చిన్న మదుపరులకని పక్కన పెట్టిన వాటాలో ఉన్న లాట్ల కంటే అడిగినవాళ్లే ఎక్కువైతే కంప్యూటర్ లాటరీ తీస్తుంది. ఒక్క లాటు అడిగినా ఎనిమిది అడిగినా డబ్బాలో పడే చీటీ ఒక్కటే. పేరొస్తే ఒక్క లాటు ఇస్తారు. రాకపోతే ఏమీ లేదు. ఖాతాలో ఆపి ఉంచిన డబ్బు విడిచిపెడతారు, అంతే. ఇదంతా పుస్తకం అప్పజెప్పినట్టు చెప్పాను.

గురువారం జాబితా వచ్చింది. అవ్వ దరఖాస్తు కొట్టేశారు. బావ పేరు లాటరీలో రాలేదు. శుక్రవారం డబ్బు ఖాతాలో విడుదలైంది. కథ అక్కడే అయిపోవాల్సింది.

ఆదివారం వాళ్లింటికి పోయాను. బావ ఇంకా షేర్ల మాటే పట్టుకుని ఉన్నాడు. "రేపు మార్కెట్ల దిగుతది గదా, రేపే కొంట. వందది రెండువందలు అయితదంటున్నరు," అన్నాడు.

"ఎవరంటున్నరు?"

"అందరు."

మొదటి రోజు ఎందుకంత అల్లకల్లోలమో వివరంగా చెప్పాను. కొత్త షేరుకు నిన్నటి ధర ఉండదు. ఎంతకు కొనాలో ఎవరికీ తెలియదు. లాటరీ తగిలినవాళ్లు లాభం కళ్లజూద్దామని అమ్ముతారు. తగలనివాళ్లు కసితో కొంటారు. యజమానుల షేర్లకు, ముందే పెద్దమొత్తంలో తీసుకున్నవాళ్ల షేర్లకు కొంతకాలం అమ్మకూడదన్న కట్టడి ఉంటుంది. చేతులు మారడానికి మిగిలేవి కొన్నే. బయట చెప్పుకునే ధర ఉత్త పుకారు.

అక్క బియ్యం ఏరుతూ వింటోంది. "తమ్మీ, నువ్వు ఇంత చదివినవు. కొనమంటవా, వద్దంటవా? గది చెప్పు."

వద్దు అనాలి. ఆ మాట నోటిదాకా వచ్చింది. కానీ అక్క నన్ను చూస్తున్న చూపులో ఉన్న నమ్మకం నాకు తీపిగా ఉండింది. "నేను టెర్మినల్ ముందే ఉంట గదా. పెరగంగనే అమ్మేస్త," అన్నాను.

సోమవారం తొమ్మిదింటికి ఆర్డర్లు తీసుకోవడం మొదలైంది. కొత్త షేరుకు పొద్దున్నే అందరి ఆర్డర్లూ పోగుచేసి ఎక్కువ షేర్లు చేతులు మారే ఒక్క ధర తేలుస్తారు. పదింటికి మామూలు వ్యాపారం. బావ ఫోన్ చేసి ఏ ధరకైనా సరే తీసుకోమన్నాడు. పెట్టాను. నూట యాభై రెండు తేలింది. తొమ్మిది వందల యాభై షేర్లు వచ్చాయి.

పదీ పదికి నూట యాభై తొమ్మిది దాటింది. ఏడు రూపాయలు పైకి. ఫోన్ మోగింది. వెనక సాంచాల చప్పుడు.

"బామ్మర్ది! చాలు ఇగ. ఆరు వేలు మిగుల్తయ్. నాలుగోది లేకున్నా ఫికర్ లేదు, మూడు నిమ్మలంగ వస్తయ్. అమ్మేయ్!"

అమ్మకం నొక్కాను. ఎర్ర అక్షరాల్లో తిరస్కరణ వచ్చింది. మళ్లీ నొక్కాను. మళ్లీ అదే.

వెనక నుంచి భాయ్ వచ్చాడు. ఆఫీసు ఆయనదే. తెర మీద పేరు పక్కనున్న రెండు అక్షరాలు చూపించాడు. "అరే, ఇది చిన్న ఇష్యూ. మొదటి పది రోజులు ట్రేడ్ టు ట్రేడ్. ఈరోజు కొన్నది ఈరోజు అమ్మనియ్యరు. డీమ్యాట్ల పడ్డంకనే. మొన్న సర్క్యులర్ పంపిన, చూడలేదా?"

ఆ కంపెనీ నాలుగువందల పేజీల పత్రం రెండు రాత్రులు కూర్చుని చదివాను. ఒకటిన్నర పేజీ సర్క్యులర్ తెరవలేదు.

ఫోన్ ఇంకా చేతిలోనే ఉంది. "అమ్మినవా?" అంటున్నాడు.

"బావా, తొందరపడకు. ఇంక పెరుగుతది. నా మాట విను," అన్నాను.

భాయ్ నా వైపు చూసి లోపలికి పోయాడు.

పదకొండు కాకముందే ధర తిరగబడింది. పొద్దున తేలిన ధరకు అయిదు శాతం కిందికి జారి, ఒక్క రోజుకు కదలనిచ్చే ఆ హద్దు దగ్గర గడ్డకట్టుకుపోయింది. అమ్మేవాళ్లు లక్షల షేర్లతో వరసలో ఉన్నారు. కొనేవాళ్ల గడిలో సున్నా. మంగళవారం మరో అయిదు శాతం. ఆ సాయంత్రం షేర్లు ఖాతాలో పడ్డాయి. బుధవారం తెరవగానే అమ్మకం పెట్టాను. ముందే నిలబడ్డవాళ్ల వెనక నా ఆర్డరు రోజంతా కదలలేదు. బావ గంటకోసారి ఫోన్ చేశాడు. "ఎంతకైనా ఇచ్చెయ్యరాదు." "ఇస్తనే ఉన్న బావా, తీసుకునేటోడు లేడు."

గురువారం నూట ఇరవై మూడు చిల్లరకు అమ్ముడుపోయాయి. లక్షా పదిహేడు వేలు మిగిలాయి. ఆసామి రెండు సాంచాలు విడిగా ఇవ్వనన్నాడు. శనివారం నాలుగింటినీ ఇంకొకరు కొనుక్కున్నారు.

వారం ఆగి పోయాను. బావ అవే సాంచాల మధ్య, కొత్త యజమాని కింద, మీటర్ల లెక్కన నడుపుతున్నాడు. నన్ను చూసి పలకరించాడు. "నీ తప్పేం లేదురా. నువ్వు పెరుగుతదనుకున్నవ్, పడ్డది. ఎవలకెరుక?"

అక్కడితో ఊరుకుంటే అయిపోయేది. ఊరుకోలేకపోయాను.

"పెరుగుతదనుకోలే బావా. ఆ రోజు అమ్మనియ్యరన్న రూలు నాకు తెల్వదు. తెల్వదని చెప్పనీకి సిగ్గైంది."

ఆయన ఒక్కొక్కటిగా నాలుగు సాంచాలూ ఆపాడు. ఆ షెడ్డులో అంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు.

"అంటే నేను చాలు, అమ్మేయ్ అన్నప్పుడు..."

"అప్పటికే అమ్మరాదు."

"మూడు రోజులు నిద్రపోలేదురా నేను. ఇంక పెరుగుతదన్నవని అక్కకు చెప్పి మిఠాయి తెచ్చిన."

తెగిన పోగు ఒకటి చేతిలోకి తీసుకుని ముడివేశాడు. రెండోసారి గాని పడలేదు. "ఇగ పో. అక్క ఇంట్లున్నది. నేను చెప్ప. నువ్వే చెప్పు," అని సాంచాలు మళ్లీ నడిపించాడు.

ఇల్లు అక్కడికి రెండు గల్లీల దూరం. నడిచాను.