రెండు వందల రోజుల ఆలస్యం

చింతామణిలో ఒక కాలేజీకి లైబ్రేరియన్‌గా చేరిన ఏడాది, చేత్తో రాసే పుస్తకాల రిజిస్టర్ పక్కన పెట్టి కంప్యూటర్లో షీట్ తయారు చేశాను. పుస్తకం ఇచ్చిన తేదీ కొడితే పద్నాలుగు రోజులు కలిపి గడువు అదే చూపేది. వాపసు తేదీ గడువు దాటితే, దాటిన ప్రతి రోజుకూ రెండు రూపాయల దండ, అంటే జరిమానా, వేసేది. లేకపోతే సున్న.

పాత రిజిస్టర్లోని తేదీలన్నీ ఎక్కించాను. చాలా వరసల్లో ఎర్రర్ వచ్చింది. ఎందుకని చూడలేదు. అలాంటి చోట దండ సున్న అని పడేలా ఫార్ములా మార్చి, బాకీల జాబితా నోటీసు బోర్డుకు అంటించాను. బాకీ తీర్చనివాళ్ళకు హాల్ టికెట్ ఇవ్వొద్దన్నారు ప్రిన్సిపాల్.

కెంచార్లహళ్ళి నుంచి వచ్చే ఒక అమ్మాయికి నాలుగు వందలు పడింది.

"వారానికే తెచ్చిచ్చినాను సార్," అంది.

"రెండు వందల రోజులు లేటంటాండాది కంప్యూటర్. అది నీ మాదిరి అబద్ధాలాడదు," అన్నాను. చుట్టూ ఉన్న పిల్లలు నవ్వారు. ఆ నవ్వు నాకు బాగుండింది.

పుస్తకాలు సర్దే ఆయమ్మ అడ్డం వచ్చింది. "నిజమేనప్పా, నేనే బీరువాలో పెట్టినా."

"నిన్న తిన్నదే నీకు గుర్తుండదు, గమ్మునుండమ్మా."

మర్నాడు ఆ అమ్మాయి తండ్రి టమోటా మండీ నుంచి నేరుగా వచ్చాడు. డబ్బు కట్టి, "అన్ని దినాలు పుస్తకం పెట్టుకోని, నాకు అబద్ధం చెప్తావా?" అని నా బల్ల ముందే కూతురి చెంప మీద కొట్టాడు. ఆ అమ్మాయి ఏడవలేదు. నా వైపే చూస్తూ నిలబడింది. నేను రసీదు రాసిచ్చాను.

పరీక్షలు మొదలైన వారంలో, ఇరవయ్యో తేదీన ఇచ్చిన పుస్తకానికి గడువు గడిలో మళ్ళీ ఎర్రర్ పడింది. ఈసారి చూశాను. షీట్ అమెరికా పద్ధతిలో ఉంది, నెల ముందు, రోజు తర్వాత. ఇరవయ్యో నెల లేదు కాబట్టి ఎర్రర్. ఆ అమ్మాయి ఆగస్టు మూడున తీసుకుని పదిన ఇచ్చింది. షీట్ ఆ 3/8ని మార్చి నెల ఎనిమిది, 10/8ని అక్టోబరు ఎనిమిది అనుకుంది. సెట్టింగ్ ఇండియాకు మార్చి, తేదీలు మళ్ళీ కొట్టాను. దండ సున్న.

ప్రిన్సిపాల్‌కు చెప్పాను. "రసీదు ఇచ్చేసినాం కదప్పా. ఇప్పుడు చెప్తే కట్టినోళ్ళందరూ వచ్చి మీద పడతారు. వదిలేయ్," అన్నారు. వదిలేశాను.

పరీక్షల తర్వాత ఆ అమ్మాయి కాలేజీకి రాలేదు. టీసీ కోసం తండ్రి ఒక్కడే వచ్చాడు. బాకీ లేదని నేను సంతకం పెట్టాలి.

"అబద్ధాలు నేర్చిన బిడ్డను చదివించి ఏం లాభం సార్? మీకు కూడా కష్టమిచ్చింది. మనసులో పెట్టుకోవద్దండి," అన్నాడు చేతులు జోడించి.

"పర్వాలేదు," అని సంతకం పెట్టాను.