ఆరో భుజం

ఆగస్టు ఇరవై ఒకటో తేదీ, మంగళవారం, ఉదయం పదకొండు గంటల పది నిమిషాలకు తొమ్మిదో తరగతి నల్లబల్ల ముందు నిలబడి పెద్ద లెక్కల మాస్టారు గొంతు సవరించుకున్నారు. పిల్లల వెనక మూడు కుర్చీల్లో ఎంపిక సంఘం ఆసీనమై ఉంది. ఆ బడిలో గణిత శాఖాధిపతి పదవి ఖాళీ అయింది. దానికి ఇద్దరు పోటీ. ఒకరు మాస్టారు. రెండోవారు ఆయన భార్యకు స్వయానా చెల్లెలు, అదే బడిలో చిన్న లెక్కల టీచరు. ఇద్దరూ సంఘం ఎదుట చెరో పాఠం చెప్పి మెప్పించాలి. టీచరు తన పాఠం సోమవారమే ముగించి, ఇప్పుడు కిటికీ పక్కన చేతులు కట్టుకుని కూర్చుంది.

మాస్టారు ఎన్నుకున్న పాఠం, వృత్తంలో క్రమ షడ్భుజి నిర్మాణం. ఆయన పేరు మోగింది దాంతోనే. మోగడానికి కారణం మాత్రం ఆయన అనుకున్నది కాదు. ఉద్యోగంలో చేరిన ఏడాది ఒకసారి ఆరు భుజాలూ గీయబోతే చివరి గీత మొదటి బిందువును అందుకోలేదు. పిల్లలు నవ్వారు. మరునాటి నుంచి ఆయన ఐదు భుజాలు గీసి సుద్దముక్క కింద పెట్టి, "ఆరోది మీ వంతు. అన్నీ నేనే నమిలి పెడితే మీకు పళ్లెందుకు?" అనడం మొదలుపెట్టారు. క్రమంగా అది బోధనా పద్ధతి అయి కూర్చుంది. పంతొమ్మిదేళ్లలో ఆ పద్ధతిని ఇద్దరు ప్రధానోపాధ్యాయులు పొగిడారు, ఒకరు సభలో ప్రస్తావించారు. పిల్లలు మాత్రం ఆయనను చాటుగా 'ఐదు భుజాల మాస్టారు' అనేవారు. అది తన భుజబలానికి దక్కిన బిరుదేమోనని ఆయన కొంతకాలం లోలోపల పొంగిపోయిన మాట కూడా వాస్తవం.

లోపం ఆయన కొయ్య వృత్తలేఖినిది. దాని రెండు కాళ్లనూ కలిపే స్క్రూ వదులు. ఈ సంగతి ఇంటిల్లిపాదికీ తెలుసు. ముందురోజు సాయంత్రమే మరదలు అడిగింది.

"బావా, దాని స్క్రూ కాస్త బిగించనా? రేపు పరువు తీస్తుంది."

"పంతొమ్మిదేళ్లుగా నా చేతిలో ఉన్న వస్తువు. దాని తత్వం నీకు తెలుసా, నాకు తెలుసా?"

"తత్వం సరే, కాళ్లు జారుతున్నాయిగా."

"నువ్వు నాకు పోటీవి. నీ చేతికి ఎలా ఇస్తాననుకున్నావు?"

భార్య మధ్యలో కలగజేసుకుంది. "ఇచ్చేయండీ. చెడగొట్టాలని చూసేదైతే బిగిస్తాననదు, ఊరుకుంటుంది." మాస్టారు దాన్ని తీసుకెళ్లి బీరువాలో పెట్టి తాళం వేశారు.

ఆ వృత్తలేఖినితోనే ఇప్పుడు ముప్ఫై సెంటీమీటర్ల వ్యాసార్థంతో వృత్తం గీశారు. వృత్తం నిజంగా చక్కగా వచ్చింది. పరికరాన్ని బల్ల మీంచి పైకెత్తారు. ఆ ఎత్తడంలో కాళ్లు ఒక అరసెంటీమీటరు దగ్గరికి ముడుచుకున్నాయి. ఆయన గమనించలేదు. పరిధి మీద ఒక బిందువు గుర్తించి, అక్కడ మొన ఆనించి ఒక చాపం కోశారు. కోసిన చోట మళ్లీ మొన ఆనించారు. ఇలా ఐదు భుజాలు వరుసగా గీసి, సుద్దముక్క కింద పెట్టి, పిల్లల వైపు తిరిగారు.

"ఆరోది మీ వంతు."

సంఘం అధ్యక్షుడు ముందుకు వంగాడు. ఆయన చదివింది చరిత్ర, అందువల్ల లెక్కలంటే గౌరవం ఎక్కువ. "మాస్టారూ, ఈ పూటకి ఆ ఆరోది కూడా మీరే గీయండి. ఇంత దూరం వచ్చాం, పూర్తిగా చూసి వెళ్తాం."

మాస్టారు ఆరో చాపం కోశారు. అది మొదటి బిందువుకు ఇవతలే ఆగిపోయింది. మధ్యలో ఉన్న ఖాళీ చివరి వరుస వాళ్లకు కూడా కనబడింది.

పదవి కళ్లముందు నుంచి జారిపోతుంటే మనిషి బుర్ర పాదరసంలా పనిచేస్తుంది, ఎటు పారుతుందో చూసుకోదంతే. మాస్టారు నిదానంగా నవ్వారు.

"ఈ ఖాళీ పొరపాటు కాదు. పరిధి అంటే వ్యాసార్థానికి రెండు 'పై' రెట్లు. అంటే సుమారు ఆరు పాయింట్ రెండు ఎనిమిది వ్యాసార్థాలు. ఆరుసార్లు నడిచాం. మిగిలిన పాయింట్ రెండు ఎనిమిదే ఇది. ప్రకృతి ధర్మం."

అధ్యక్షుడు తృప్తిగా తలాడించి ఏదో రాసుకున్నాడు. దశాంశ బిందువు వినబడితే ఆయనకు అనుమానాలు ఉండవు. ఇద్దరు సభ్యులు కూడా ఆయన తల చూసి తలలాడించారు. మాస్టారు కిటికీ వైపు చూడలేదు. చూడకపోయినా అక్కడి నుంచే గొంతు వినిపించింది.

"మాస్టారూ, ఆ ఖాళీ ఒకసారి కొలుద్దామా?"

కాదనడానికి లేదు. మాస్టారు కొలబద్ద పెట్టారు. "మూడున్నర సెంటీమీటర్లు."

"ముప్ఫైలో పాయింట్ రెండు ఎనిమిది వంతు అంటే దాదాపు ఎనిమిదిన్నర కదండీ. మిగతా ఐదు సెంటీమీటర్లు ప్రకృతి ఎక్కడ దాచింది?"

పిల్లలు తలలు వంచుకున్నారు, భుజాలు కదులుతున్నాయి.

"వృత్తలేఖిని కొలిచేది రెండు కాళ్ల నడుమ తిన్నని దూరం," అంది టీచరు నెమ్మదిగా. "వంపుని కాదు. భుజం ముప్ఫై అయితే దాని మీది చాపం ముప్ఫై ఒకటిన్నర దాకా ఉంటుంది. మీ ఎనిమిదిన్నర ఆ ఆరు చాపాలూ పంచేసుకున్నాయి. చివర్లో ఏమీ మిగలదు. ఎందుకు మిగలదో పిల్లలకి మీరే చెప్పండి, నాకన్నా బాగా చెప్తారు."

ఆ చివరి మాట ఎత్తిపొడుపో, ఆసరానో మాస్టారికి తేలలేదు. ఆసరా అనుకోవడం అప్పటికి సుఖం. కేంద్రం నుంచి పక్కపక్క బిందువులు రెండింటికి గీతలు గీశారు.

"ఈ రెండూ వ్యాసార్థాలు. మూడోది వృత్తలేఖిని తెరిచిన దూరం. అదీ వ్యాసార్థమే. మూడు భుజాలూ సమానం కాబట్టి సమబాహు త్రిభుజం. కేంద్రం దగ్గర కోణం అరవై. ఇలాంటివి ఆరు పక్కపక్కనే పెడితే..." అక్కడ ఆయన చూపు ఆ ఖాళీ మీద పడింది. "మూడువందల అరవై. చుట్టు పూర్తి."

"అయితే ఖాళీకి చోటెక్కడండీ?" అడిగాడు అధ్యక్షుడు, మొదటిసారి తనంతట తాను.

మాస్టారు తన ఋజువుకు తానే చిక్కారు. టీచరు లేచి వచ్చి వృత్తలేఖిని అందుకుంది, స్క్రూని రెండు వేళ్లతో గట్టిగా తిప్పి, "బావా, ఇప్పుడు గీయండి" అని తిరిగి ఇచ్చింది. బడిలో ఆమె ఆయన్ని బావా అనడం అదే మొదలు. మాస్టారు బల్ల తుడిచి మళ్లీ గీశారు. ఆరో చాపం వెళ్లి సరిగ్గా మొదటి బిందువు మీద వాలింది. మాస్టారు ఆ మూలను వేలితో ఒకసారి తాకి చూశారు.

ఎంపిక సంఘం మర్నాడు నిర్ణయం ప్రకటించింది. సర్వీసు ఎక్కువ కాబట్టి పదవి మాస్టారికే. నివేదికలో 'దశాంశాలపై ప్రశంసనీయమైన పట్టు' అన్న వాక్యం కూడా ఉంది. టీచరు గురించి 'మధ్యలో మాట్లాడే స్వభావం' అని రాశారు.

"స్వీట్లు తెచ్చారా?" అంది ఆ సాయంత్రం భార్య.

"తెచ్చాను."

"సగం మా చెల్లెలికి పంపండి. స్క్రూ తిప్పిన కూలి."

పంపారు. బడిలో కొత్త గది ఇచ్చారు, తలుపుకు ఇత్తడి పలక బిగించారు: 'గణిత శాఖాధిపతి'. మాస్టారు మొదటిరోజు ఉదయం దాన్ని చేతిరుమాలుతో తుడిచి లోపలికి వెళ్లారు. ఇంటర్వెల్ అయ్యాక బయటికి వచ్చి చూస్తే పలక కింద ఎవరో సుద్దతో ఒక సంఖ్య రాసిపెట్టారు. చెరిపేశారు. మధ్యాహ్నానికి మళ్లీ ఉంది. మళ్లీ చెరిపారు. మర్నాడు పొద్దున్న తాళం తీయడానికి వంగినప్పుడు, కాస్త పెద్ద అంకెల్లో, కింద గీత కూడా గీసి ఉంది.

3.5