బాణం తిరిగి వెళ్ళాల్సిన చోటు

కోయంబత్తూరు కాలేజీలో నా ల్యాబ్ జోడీ ఆ ఊళ్ళోనే ఉన్న సింగానల్లూరు అమ్మాయి. మా ఇంట్లోలాగే వాళ్ళింట్లోనూ తెలుగే కాబట్టి అక్కచెల్లెళ్ళలా ఉండేవాళ్ళం.

వరుసలో ఉన్న అంకెల్లో కావలసినదాన్ని సగం సగంగా కుదిస్తూ వెతికే బైనరీ సెర్చ్ సూడోకోడ్‌ను నేను ఫ్లోచార్టుగా గీశాను. వెతికే హద్దులైన లో గానీ హై గానీ మారాక బాణం ‘లో ≤ హై?’ అనే డైమండ్‌కే తిరిగి వెళ్ళాలి. నా బొమ్మను చార్టు మీదికి ఎక్కిస్తూ తను ఆ బాణాన్ని పైనున్న ‘లో = 0, హై = n-1’ పెట్టెకు కలిపేసింది.

“మళ్ళీ మొదటి విలువలే పెడితే, మొదటిసారి మధ్యలో దొరకనిది ఎప్పటికి దొరుకుతుంది?” అని చార్టు చూసిన ల్యాబ్ మేడం తమిళంలో అడిగారు.

“బాణాలు గీసింది తనే మేడం,” అంది నా జోడీ నన్ను చూపిస్తూ, అదే తమిళంలో.

బోర్డు మీద సరైన బాణం గీసి చూపించాను.

బయటికొచ్చాక తను నా చెయ్యి పట్టుకుంది. “మార్కు పోతాదని బయపడి అట్ల చెప్పితి. కోపం వద్దే.”

మమ్మల్ని అక్కచెల్లెళ్ళను చేసిన ఆ తెలుగే ఇప్పుడు వినలేక చెయ్యి విడిపించుకున్నాను.