మేం తప్పు రాశామని పంపిన మెయిల్

మొయినాబాద్‌లో బస్సు దిగి, టైర్ల షాపు పక్క మెట్లెక్కితే మా ఆఫీసు. ఒక వైట్‌బోర్డు, రెండు కుర్చీలు, అక్క, నేను. అక్క నా తోబుట్టువు కాదు. ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పడం మానేసి, కంపెనీల సిబ్బందికి శిక్షణనిచ్చే ఈ చిన్న సంస్థ పెట్టిన మనిషి. రోజూ ఆలూరు నుంచి వచ్చి ఆవిడ తరఫున మెయిళ్లు రాయడం నా పని.

నా మెయిళ్లు మహా ఘనంగా ఉండేవి. "మీ సిబ్బందిలో సమూల పరివర్తన" అని మొదలుపెట్టేదాన్ని. కంపెనీల్లో శిక్షణ వ్యవహారాలు చూసే ఎల్ అండ్ డీ హెడ్‌లు ఒక్కరంటే ఒక్కరు జవాబిచ్చేవారు కాదు. చివరికి ఒకరోజు అక్క తేల్చి చెప్పింది.

"ఇంకొక్క మెయిల్ పంపుదాం చెల్లె. దీనికి గూడ ఎవరు పలకకపోతే ఆఫీస్ మూసేసి నేను మళ్ల కాలేజీకి పోత."

ఆ మాటకు నాకు దిగులేసింది. అంతకంటే ఎక్కువగా, తర్వాత ఆవిడ చేసిన పనికి చిరాకేసింది. చేవెళ్ల దగ్గరి కూరగాయల ప్యాకింగ్ యూనిట్‌లో అనుమతి అడిగి, షిఫ్టు మారే వేళకు వారం రోజులు వెళ్లి ఓ పక్కన నిలబడింది. మెయిల్ రాయకుండా ఈ కాపలా ఏమిటని గొణుక్కున్నాను.

"డ్యూటీ ఎక్కిన సూపర్‌వైజర్, దిగిపోయినోనికి ఫోన్ల మీద ఫోన్లు చేస్తుండు," అంది తిరిగొచ్చి. "ఏ లోడు ఆగింది, ఏ మిషన్ సతాయిస్తున్నది, ఏం చెప్పకుండనే బస్సెక్కి పోతున్నరు. గా ఫోన్లు తగ్గిస్తమని రాయి. పెద్ద పెద్ద మాటలు రాయకు."

అలాగే రాశాను. షిఫ్టు అప్పగించడంపై సూపర్‌వైజర్లకు నాలుగు పూటల శిక్షణ. శిక్షణకు ముందు రెండు వారాలు, తర్వాత రెండు వారాలు ఫోన్లు లెక్కపెడతాం. ముందు ఒక షిఫ్టుకే నేర్పుతాం, రెండోది పోలిక కోసం ఆగుతుంది. శిక్షణ పొందినవారు చేసే ఫోన్లు తగ్గుతాయి అన్న వాక్యం నా సొంతం. చివర అక్క తనే ఒక వాక్యం కలిపింది: తగ్గకపోతే తగ్గలేదనే నివేదిక ఇస్తాం.

"ఓడిపోతమేమో అని ముందుగాల్నే ఎవరన్న రాసుకుంటరా అక్కా?"

"గది రాస్తెనే మిగిలింది నమ్ముతరు."

ఒకే ఒక్క జవాబు వచ్చింది. ఆ ప్యాకింగ్ యూనిట్ నడిపే కంపెనీ ఎల్ అండ్ డీ హెడ్ గారి నుంచే. పొద్దుటి షిఫ్టుకు ముందుగా నేర్పమన్నారు. రిజిస్టర్‌లో ఎవరు ఫోన్ చేస్తే వారి పేరు కింద గీత పెట్టే ఏర్పాటు నేనే చేశాను.

శిక్షణ అయ్యాక రెండు వారాలకు రిజిస్టర్ తెరిచి చూశాను. నేర్చుకున్న పొద్దుటివారి గీతలు అలాగే ఉన్నాయి. మేం ఏమీ నేర్పని సాయంత్రం వారి గీతలు సగానికి పైగా తగ్గిపోయాయి.

"రెండు షిఫ్టులు కలిపి చూపిద్దాం అక్కా. కలిపితే తగ్గినట్టే ఉన్నది గద," అన్నాను. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ సిగ్గేస్తుంది.

అక్క నన్ను తిట్టలేదు. రెండు షిఫ్టుల పేజీలు అటూ ఇటూ తిప్పి చూసి నవ్వింది.

"పొద్దుగాలోళ్లు మంచిగ అప్పజెప్పి పోయిన్రు. అందుకే సాయంత్రమోళ్లకు ఫోన్ చేసే అక్కెర లేకపాయె. నేర్చుకున్నోళ్లకు వచ్చే ఫోన్లు తగ్గుతయి, వాళ్లు చేసేవి కాదు. మనం ఉల్టా రాసినం చెల్లె."

నిజమే. పొద్దుటివారికి అప్పగించేది ఇంకా ఏమీ నేర్వని సాయంత్రం వారు. వీళ్లు ఫోన్ చేయక ఏం చేస్తారు?

హెడ్ గారు లెక్కలు అడగకముందే అక్క మెయిల్ రాసింది. "మేం రాసిచ్చిన మాట ప్రకారం చూస్తే మేం ఓడిపోయాం. ఏ ఫోన్లు తగ్గుతాయో తప్పుగా రాశాం. ఆ వాక్యం నాది. ఇప్పుడు మాకు అనుకూలంగా అర్థం మారుస్తున్నామని మీకు అనిపించవచ్చు. అందుకే సాయంత్రం షిఫ్టుకూ నేర్పనివ్వండి. ఈసారి పొద్దుటివారు చేసే ఫోన్లు తగ్గాలి. తగ్గకపోతే ఈ శిక్షణ పనికిరాదని మేమే రాసిస్తాం." కింద రిజిస్టర్ పేజీలన్నీ జత చేసింది.

ఆ వాక్యం ఆవిడది కాదు, నాది. పక్కనే కూర్చుని ఆవిడ టైప్ చేస్తుంటే చూశాను.

హెడ్ గారు సరేనన్నారు. రెండో విడత అయ్యాక రోజూ పొద్దున్నే చేవెళ్ల వెళ్లి రిజిస్టర్ చూసేదాన్ని. మొదట్లో రెండు మూడు గీతలు. రెండో వారం చివరికి పొద్దుటివారి పేజీలో కొన్ని రోజులు ఖాళీగానే ఉన్నాయి.

ఆయన మెచ్చుకోలుగా ఏమీ రాయలేదు. అక్క పంపిన ఆ తప్పొప్పుకోలు మెయిల్‌ను తనకు తెలిసిన ఇతర కంపెనీల హెడ్‌లకు పంపారు, అంతే. వారం తిరక్కుండా ఆఫీసు ఫోన్ మోగింది. అవతల ఒకావిడ.

"తప్పు రాసినమని మెయిల్ పెట్టింది మీరేనా అండీ? మా దగ్గరికి ఎప్పుడొస్తరు?"

"తప్పు రాసింది నేను మేడమ్," అన్నాను. "మెయిల్ పెట్టింది మా అక్క. జర ఆగుండ్రి, ఇస్తున్న."